మైనస్ 20 డిగ్రీల మంచు నుంచి 120 డిగ్రీల ఆవిరి దాకా: వేడి లెక్క ఎక్కడ తప్పుతుంది

ప్రశ్న: "మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉన్న అర కిలో మంచును 120 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి ఎంత వేడి కావాలి? నేను మొత్తం 140 డిగ్రీల పెరుగుదలకు 4.18 తీసుకుని mcΔT కట్టాను, దానికి రెండు గుప్తోష్ణాలూ కలిపాను. 1587.6 కిలోజౌళ్లు వచ్చింది. పుస్తకంలో 1545 అని ఉంది. తేడా ఎక్కడ వచ్చింది? రెండో భాగంలో 1000 కిలోజౌళ్లు మాత్రమే ఇస్తే చివరికి ఏం మిగులుతుందని అడిగారు. అది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం, విశాఖపట్నం."

పుస్తకంలో ఉన్న 1545 కిలోజౌళ్లే సరైన సమాధానం. మీరు కలిపిన రెండు గుప్తోష్ణాలూ సరిగ్గానే ఉన్నాయి. పొరపాటంతా 4.18 అనే సంఖ్యను మొదటి నుంచి చివరి దాకా వాడటంలో ఉంది. అది ద్రవరూపంలో ఉన్న నీటి విశిష్టోష్ణం మాత్రమే. మంచుకు సుమారు 2.1, ఆవిరికి సుమారు 2.0 తీసుకోవాలి. రెండో భాగానికి సమాధానం ఏమిటంటే, చివరికి 100 డిగ్రీల దగ్గరే సుమారు 267 గ్రాముల ఆవిరి, 233 గ్రాముల నీరు కలిసి ఉంటాయి.

నేను ఇక్కడే విశాఖలో ఒక కర్మాగారపు బాయిలర్ విభాగంలో చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత భౌతికశాస్త్రం బోధనలోకి వచ్చాను. ఈ లెక్క రెండు చోట్లా నాకు ఎదురైనదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు అదనంగా వచ్చిన 42.6 కిలోజౌళ్ల సంగతి తేలుద్దాం. మంచును మైనస్ 20 నుంచి సున్నాకు తేవడానికి మీ పద్ధతిలో 0.5 × 4.18 × 20, అంటే 41.8 పడింది, నిజానికి పడవలసింది 0.5 × 2.1 × 20, అంటే 21 మాత్రమే. ఇక్కడ 20.8 ఎక్కువైంది. ఆవిరిని 100 నుంచి 120కి తీసుకువెళ్లడానికి మళ్లీ 41.8 వేశారు, పడవలసింది 20. ఇక్కడ 21.8 ఎక్కువైంది. రెండూ కలిపితే సరిగ్గా 42.6 అవుతుంది, ఇంకెక్కడా తేడా లేదు. మొత్తం మీద ఇది మూడు శాతం కూడా లేదు కనుక, పుస్తకంలో సమాధానం చూడకపోయి ఉంటే మీ లెక్క సరైనదేనని మీరు నమ్మేసేవారు. పరీక్షలో నాలుగు ఐచ్ఛికాలు దగ్గర దగ్గరగా ఇచ్చినప్పుడు పట్టుబడేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఒకే పదార్థం, ఒకే H₂O అణువు అయినప్పుడు విశిష్టోష్ణం ఎందుకు మారాలి అన్న సందేహం న్యాయమైనదే. మంచులో ప్రతి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలతో ముడిపడి, తన చోటులోనే కంపిస్తూ ఉంటుంది. ఇచ్చిన వేడి దాదాపు అంతా ఆ కంపనాలను పెంచడానికే పోతుంది. నీటిలో ఆ బంధాలు నిరంతరం తెగుతూ, మళ్లీ కలుస్తూ ఉంటాయి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ తెగినవాటి వాటా పెరుగుతుంది. అందువల్ల ఇచ్చిన వేడిలో ఒక భాగం అణువుల వేగాన్ని పెంచడానికి, మరో భాగం బంధాలను తెంచడానికి ఖర్చవుతుంది, ఒక్క డిగ్రీ పెరగడానికి ఎక్కువ వేడి కావలసి వస్తుంది. ఆవిరిలో అణువులు దూరదూరంగా ఉంటాయి కనుక తెంచవలసిన బంధాలు దాదాపు ఉండవు, విశిష్టోష్ణం మళ్లీ సగానికి పడిపోతుంది. ఒక్కసారి ఈ కారణం తెలిస్తే మూడు విశిష్టోష్ణాలను బట్టీ పట్టనవసరం లేదు. నీటికి 4.18, దానికి అటూ ఇటూ ఉన్న రెండింటికీ సుమారు సగం అని గుర్తుంటే చాలు.

ఇక లెక్కను మొదటి నుంచి నడిపిద్దాం. ద్రవ్యరాశిని కిలోగ్రాములలో, వేడిని కిలోజౌళ్లలో ఉంచుతాను. ప్రతి అడుగు చివరా అప్పటి వరకు అయిన మొత్తాన్ని పక్కనే రాయండి. మీ రెండో భాగానికి తాళంచెవి అక్కడే ఉంది.

మొదటి అడుగులో మంచు మంచుగానే ఉండి వేడెక్కుతుంది. 0.5 × 2.1 × 20 = 21. ఇప్పటి వరకు మొత్తం 21. మైనస్ 20 నుంచి సున్నాకు రావడమంటే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరగడమే కాబట్టి ΔT ధనాత్మకం. ఈ ఒక్కచోట రుణ గుర్తు వేసి 21ని తీసివేసేవారిని ప్రతి తరగతిలోనూ చూస్తాను. కెల్విన్లలోకి మార్చాలనే తొందరలో ఉష్ణోగ్రతల తేడాకు 273 కలిపేవారూ ఉంటారు. సెల్సియస్‌లో 20 డిగ్రీల తేడా కెల్విన్లలో కూడా 20 తేడాయే. 293 వేస్తే ఈ చిన్న అడుగే 300 కిలోజౌళ్లు దాటిపోతుంది, అది మంచు కరగడానికి పట్టేదానికన్నా ఎక్కువ. అలాంటి సంఖ్య కనబడగానే అనుమానం రావాలి.

రెండో అడుగులో సున్నా డిగ్రీల మంచు సున్నా డిగ్రీల నీరవుతుంది. ఇక్కడ ఉష్ణోగ్రత మారదు కనుక ΔT అనేదే లేదు; Q = mL వాడాలి. 0.5 × 334 = 167. మొత్తం 188.

మూడో అడుగులో నీరు సున్నా నుంచి 100 డిగ్రీలకు వస్తుంది. 0.5 × 4.18 × 100 = 209. మొత్తం 397. మీ 4.18 నిజంగా పనిచేయవలసింది ఈ ఒక్క అడుగులోనే.

నాలుగో అడుగులో 100 డిగ్రీల నీరు 100 డిగ్రీల ఆవిరవుతుంది. 0.5 × 2256 = 1128. మొత్తం 1525.

ఐదో అడుగులో ఆవిరి 100 నుంచి 120కి చేరుతుంది. 0.5 × 2.0 × 20 = 20. మొత్తం 1545.

ఈ ఐదు సంఖ్యలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి: 21, 167, 209, 1128, 20. ఉష్ణోగ్రతను పెంచడానికి పోయిన వేడి, అంటే బాయిలర్ మనుషులు సెన్సిబుల్ హీట్ అని పిలిచేది, మూడు అడుగులూ కలిపి 250. థర్మామీటరుకు కనబడకుండా రూపాన్ని మార్చడానికి పోయిన గుప్తోష్ణం 1295. దాదాపు 84 శాతం వేడి ఖర్చవుతున్న సమయంలో థర్మామీటరు కదలదు. అందుకే ఈ లెక్కలో నాలుగో అడుగు తప్పితే అంతా తప్పినట్టే, ఐదో అడుగులో ఆవిరి విశిష్టోష్ణం 2.0 వేసినా 2.1 వేసినా పెద్దగా ఏమీ కాదు.

మరిగేటప్పుడు అంత వేడి ఎందుకు పడుతుందో కూడా చెప్పాలి. కరిగినప్పుడు మంచులోని బంధాలలో కొన్ని మాత్రమే తెగుతాయి, అణువులు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మరిగినప్పుడు దాదాపు అన్నింటినీ తెంచి ప్రతి అణువునూ విడదీయాలి. దానికి తోడు మరో ఖర్చు ఉంది. ఒక కిలో నీరు ఒక లీటరు చోటులో ఉంటుంది. అదే 100 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనం కింద ఆవిరైతే సుమారు 1.67 ఘనమీటర్లు, అంటే 1670 లీటర్లు ఆక్రమిస్తుంది. ఆ చోటు చేసుకోవడానికి పైనున్న గాలిని నెట్టాలి. పీడనం 101.3 కిలోపాస్కళ్లను 1.67తో గుణిస్తే సుమారు 169 కిలోజౌళ్లు వస్తుంది. కిలోకు పట్టే 2256లో ఈ 169 గాలిని నెట్టే పనికి పోతుంది, మిగిలిన 2087 దాకా అణువులను విడదీయడానికి పోతుంది. మంచు కరిగేటప్పుడు ఈ నెట్టుడు ఖర్చు లేనట్టే లెక్క, ఎందుకంటే అక్కడ ఘనపరిమాణం పెరగదు సరికదా కొద్దిగా తగ్గుతుంది.

ఇప్పుడు రెండో భాగం. చాలామంది ఇక్కడ 1000ని నేరుగా mc తో భాగించి చివరి ఉష్ణోగ్రత తేల్చాలని చూస్తారు. 1000 ÷ (0.5 × 4.18) చేస్తే 478 డిగ్రీల పెరుగుదల వస్తుంది. 1545 ఇస్తేనే 120కి చేరే పదార్థం అంతకన్నా తక్కువ వేడితో 400 దాటదు కదా. చేయవలసింది చాలా తేలిక. పక్కన రాసుకున్న మొత్తాల వరుస చూడండి: 21, 188, 397, 1525, 1545. వెయ్యి అన్నది 397కీ 1525కీ మధ్య పడింది. అంటే మొదటి మూడు అడుగులూ పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఆగింది. కనుక ఉష్ణోగ్రత 100 డిగ్రీలు అని ఏ లెక్కా లేకుండానే చెప్పవచ్చు. ఇక అడగవలసింది ఎంత ఆవిరైంది అన్నదే.

మూడో అడుగు చివరికి 397 ఖర్చయింది. మిగిలింది 1000 − 397 = 603. ఈ 603 కిలోజౌళ్లతో ఎన్ని కిలోల నీరు ఆవిరవుతుంది? 603 ÷ 2256 = 0.267. అంటే 267 గ్రాముల ఆవిరి, మిగిలిన 233 గ్రాములు మరుగుతున్న నీరు. ఇక్కడ మనం వెతుకుతున్నది ద్రవ్యరాశి కనుక సూత్రంలో m తెలియని రాశి అవుతుంది; అలవాటుగా 0.5 వేసేస్తే వెతకడానికి ఏమీ మిగలదు. లెక్క సరిచూసుకోవాలంటే వెనక్కి నడవండి: 0.267 × 2256 = 602, దానికి 397 కలిపితే 999. దశాంశాలు కుదించడం వల్ల పోయిన ఒక్క కిలోజౌల్ తప్ప సరిపోయింది.

ఇదే పద్ధతిలో 100 కిలోజౌళ్లు మాత్రమే ఇచ్చారనుకోండి. అది 21కీ 188కీ మధ్య పడుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత సున్నా, మంచు కొంత కరిగి ఆగింది. 79 ÷ 334 = 0.237, అంటే 237 గ్రాములు నీరు, 263 గ్రాములు ఇంకా మంచు. 300 ఇచ్చి ఉంటే అది 188కీ 397కీ మధ్య పడుతుంది. ఆ అడుగు సెన్సిబుల్ హీట్‌ది కనుక ఈసారి తెలియనిది ఉష్ణోగ్రత. 112 ÷ (0.5 × 4.18) = 53.6 డిగ్రీలు. ఇచ్చిన వేడి ఏ అడుగులో ఆగిందన్నదాన్ని బట్టి వెతకవలసినది ద్రవ్యరాశా, ఉష్ణోగ్రతా అన్నది తేలుతుంది. ఎటువంటి మిశ్రమం లెక్క వచ్చినా, మంచు గోరువెచ్చని నీటిలో వేస్తే ఏమవుతుందన్న లెక్కతో సహా, నేను ఇదే వరుసతో మొదలుపెట్టిస్తాను.

గ్రాఫ్ గీయమని కూడా అడుగుతారు కనుక దాని గురించి కొంచెం. వేడిని అడ్డంగా, ఉష్ణోగ్రతను నిలువుగా తీసుకుంటే మూడు ఏటవాలు గీతలు, వాటి మధ్య రెండు సమతల గీతలు వస్తాయి. నిమిషాలలో ఆలోచిస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1000 వాట్ల హీటర్ నష్టం ఏమీ లేకుండా వేడి అందిస్తే సెకనుకు ఒక కిలోజౌల్ చొప్పున పోతుంది. కాబట్టి మంచు సున్నాకు రావడానికి 21 సెకన్లు, కరగడానికి 167 సెకన్లు, నీరు మరిగే దాకా 209 సెకన్లు, పూర్తిగా ఆవిరవడానికి 1128 సెకన్లు, అంటే దాదాపు 19 నిమిషాలు, చివరి 20 డిగ్రీలకు 20 సెకన్లు. మొత్తం పాతిక నిమిషాలు దాటుతుంది.

పిల్లలు గీసే గ్రాఫులలో నేను మొదట చూసేది రెండు సమతల గీతల పొడవు. రెండూ సమానంగా గీస్తే విషయం అర్థం కాలేదని తెలిసిపోతుంది. రెండోది మొదటిదానికి దాదాపు 6.75 రెట్లు పొడవు ఉండాలి, ఎందుకంటే 2256ను 334తో భాగిస్తే వచ్చేది అంతే. రెండోసారి చూసేది ఏటవాలు. విశిష్టోష్ణం తక్కువైతే గీత నిట్టనిలువుగా లేస్తుంది, ఎక్కువైతే వాలుగా పడుకుంటుంది. మంచుకు సెకనుకు 0.95 డిగ్రీలు, నీటికి 0.48, ఆవిరికి 1. అంటే నీటి గీత మిగిలిన రెండింటికన్నా సగం వాలుతోనే లేవాలి. మీరు 4.18ను అన్నిచోట్లా వాడి గ్రాఫ్ గీసి ఉంటే మూడు గీతలూ సమాంతరంగా వచ్చేవి, తప్పు కంటికే కనిపించేది.

ప్రయోగశాలలో ఈ గ్రాఫ్ ఇంత అందంగా రాదు, దానికి కారణాలు తెలిసి ఉండటం మంచిది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే దంచిన ఐస్ తెచ్చి ప్రయోగం మొదలుపెడితే మొదటి ఏటవాలు గీత అసలు కనిపించదు. ఐస్ ప్లాంటులో ఉప్పునీటి తొట్టెల నుంచి తీసినప్పుడు దిమ్మ సున్నాకన్నా చల్లగానే ఉంటుంది. కానీ దంచి, బుట్టల్లో మోసి, మన గాలి తేమలో కాసేపు ఉంచేసరికి ఆ ముక్కల ఉష్ణోగ్రత సున్నాకు వచ్చి, పైన నీటిపొర కట్టి ఉంటుంది. ఆ నీటిపొరే అసలు ఇబ్బంది. 500 గ్రాముల ఐస్ అని తూచినదానిలో 50 గ్రాములు అప్పటికే నీరైతే, కరగవలసిన మంచు 450 గ్రాములే. ఆ తేడా 0.05 × 334, అంటే 16.7 కిలోజౌళ్లు. ఇది మన మొదటి అడుగు మొత్తానికి దాదాపు సమానం. మంచు గుప్తోష్ణం కొలిచే ప్రయోగంలో 334కు బదులు 300 చుట్టుపక్కల వస్తే, కెలోరీమీటరును అనుమానించే ముందు ఐస్ ముక్కలను గుడ్డతో సరిగా తుడిచారా అని అడుగుతాను. మైనస్ 20కి దగ్గరగా కావాలంటే ఇంటి ఫ్రిజ్‌లోని డీప్ ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే వాడాలి.

రెండో ఇబ్బంది థర్మామీటరుది. కలపకుండా వదిలేసిన మంచు–నీటి పాత్రలో హీటర్ చుట్టూ ఉన్న నీరు ముందే వేడెక్కిపోతుంది, పక్కన మంచు తేలుతూనే ఉంటుంది. అప్పుడు థర్మామీటరు మూడో, నాలుగో డిగ్రీలు చూపిస్తూ, సమతల గీత కాస్తా మెల్లగా పైకి లేచే గీతగా మారుతుంది. గుప్తోష్ణం దశలో ఉష్ణోగ్రత మారదన్నది మంచూ నీరూ ఒకదానితో ఒకటి సమతాస్థితిలో ఉన్నప్పుడే నిజం. ఆ స్థితి రావాలంటే నెమ్మదిగా వేడి చేస్తూ బాగా కలపాలి.

ఇక ఐదో అడుగు తెరిచిన బీకరులో జరగదు. పుట్టిన ఆవిరి పుట్టినట్టే గాలిలో కలిసిపోతుంది, నీరున్నంతసేపూ థర్మామీటరు 100 దగ్గరే ఉంటుంది, నీరు అయిపోతే అక్కడ కొలవడానికి ఏమీ ఉండదు. లెక్కలో 120 డిగ్రీల ఆవిరి అన్నప్పుడు, పైన ముషలకం ఉన్న సిలిండరులో ఆవిరిని పట్టి ఉంచి, వాతావరణ పీడనం దగ్గరే దాన్ని వ్యాకోచించనిస్తున్నామని అర్థం. ప్రశ్నలో ఆ మాట రాయరు గానీ, 100 డిగ్రీలు, 2256 అనే రెండు సంఖ్యలూ ఆ షరతు మీదే నిలబడి ఉన్నాయి.

పీడనం మారితే ఏమవుతుంది? విశాఖ సముద్రమట్టం దగ్గరే ఉంది కనుక ఇక్కడ నీరు దాదాపు 100 దగ్గరే మరుగుతుంది. రైలెక్కి అరకు వెళితే, సుమారు 900 మీటర్ల ఎత్తులో అది 97 డిగ్రీల చుట్టూ మరుగుతుంది. అక్కడ మన లెక్క వేస్తే నీటిని 97 దాకా తేవడానికి 203, ఆ ఉష్ణోగ్రత దగ్గర గుప్తోష్ణం కిలోకు 2264 కనుక ఆవిరి చేయడానికి 1132, ఆవిరిని 97 నుంచి 120కి తేవడానికి 23. మొదటి రెండు అడుగుల 188 కలిపితే 1546. విశాఖలో 1545, అరకులో 1546! అడుగులు జరిగాయి, ఒక్కో అడుగు వాటా మారింది, మొత్తం మాత్రం కదల్లేదు. దీనికి కారణం ఉంది. ఇంత తక్కువ పీడనాల దగ్గర 120 డిగ్రీల ఆవిరిలో ఉండే ఎంథాల్పీ, అంటే స్థిర పీడనం దగ్గర వేడి లెక్కకు వాడే మొత్తం శక్తి, పీడనం మీద దాదాపు ఆధారపడదు. మొదలూ చివరా ఒకటే అయినప్పుడు మధ్యలో మరుగుడు 97 దగ్గర జరిగినా 100 దగ్గర జరిగినా మొత్తం ఖర్చు దాదాపు ఒకటే. ఈ సంగతి మీ సిలబస్‌లో అడగరు, కానీ ఐదు అడుగులను ఎందుకు కూడవచ్చో దీనివల్ల తెలుస్తుంది.

బాయిలర్‌లోకి వస్తే మాత్రం ఈ సంఖ్యలు మారిపోతాయి. 10 బార్ పరమపీడనం దగ్గర నీరు సుమారు 180 డిగ్రీల వద్ద మరుగుతుంది, గుప్తోష్ణం కిలోకు 2015కు తగ్గుతుంది. 100 బార్ దగ్గర 311 డిగ్రీలు, 1317. పీడనం పెరిగేకొద్దీ సమతల గీత పైకి జరుగుతూ పొట్టిదవుతుంది. 221 బార్, 374 డిగ్రీల దగ్గర, అంటే సందిగ్ధ బిందువు దగ్గర, గుప్తోష్ణం సున్నా అయి ఆ గీతే మాయమవుతుంది. అక్కడ నీటికీ ఆవిరికీ మధ్య తేడా చూపే హద్దు ఉండదు. కనుక ప్రెషర్ కుక్కరు గురించో బాయిలర్ గురించో లెక్క వస్తే 100, 2256 అని కళ్లు మూసుకుని వేయకూడదు. ఆ పీడనానికి ఆవిరి పట్టికలలో ఉన్న విలువలు తీసుకోవాలి. ఆవిరి విశిష్టోష్ణం 2.0 అన్నది కూడా అక్కడ పనికిరాదు, సంతృప్త స్థితికి దగ్గరగా అది గణనీయంగా ఎక్కువ ఉంటుంది.

కర్మాగారంలో ఈ లెక్క నిజంగా అక్కరకు వచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. చుట్టూ ఆవిరి పారే రెండో గోడ, అంటే ఆవిరి జాకెట్, ఉన్న పెద్ద పాత్రలో ద్రావణాన్ని వేడి చేసే విభాగం ఒకటుండేది. వేడి చాలడం లేదని, ఆవిరిని ఇంకో 50 డిగ్రీలు అదనంగా వేడి చేసి పంపమని ఆ విభాగంలోని యువ ఇంజనీరు అడిగాడు. వేడి ఎక్కువైతే త్వరగా పని అవుతుందన్నది అతని తర్కం. కాగితం మీద ఐదో అడుగు, నాలుగో అడుగు రాసి చూపించాను. 50 డిగ్రీల అదనపు వేడి కిలో ఆవిరికి సుమారు 100 కిలోజౌళ్లు తెస్తుంది. అదే కిలో ఆవిరి జాకెట్ గోడ మీద నీరుగా మారితే రెండువేలకు పైగా వదులుతుంది. పైగా అదనంగా వేడెక్కిన ఆవిరి, మరిగే స్థానానికి చల్లబడే దాకా, మామూలు వాయువులాగే ప్రవర్తిస్తుంది. గోడకు వేడిని బాగా నెమ్మదిగా అందిస్తుంది. తర్వాత పైపులైను వెంట నడిచి చూస్తే ఆవిరిలో నీరు కలిసి వస్తోందని, ఆవిరిని ఆపి, నీరుగా మారినదాన్ని మాత్రమే బయటికి వదిలే స్టీమ్ ట్రాప్ ఒకటి మూసుకుపోయి జాకెట్ అడుగున నీరు నిలిచిపోయిందని తేలింది. కిలో ఆవిరిలో పది శాతం నీరే ఉంటే, నాలుగో అడుగులో పది శాతం ముందే పోయినట్టు. ట్రాప్ మార్చాక పాత వేగం వచ్చింది, ఆవిరి ఉష్ణోగ్రతను ముట్టుకోవలసిన పనే పడలేదు.

అలాగని ఐదో అడుగు ఎక్కడా పనికిరాదని కాదు. పరవాడ దగ్గర ఉన్న సింహాద్రి విద్యుత్కేంద్రం లాంటి చోట ఆవిరిని 500 డిగ్రీలు దాటించి మరీ టర్బైన్‌కు పంపుతారు. అక్కడ వేడిని గోడకు అందించడం కాదు లక్ష్యం, వ్యాకోచిస్తున్న ఆవిరి నుంచి పని రాబట్టడం. మధ్యలోనే నీటిబొట్లు ఏర్పడితే టర్బైన్ రెక్కలు అరిగిపోతాయి.

చివరగా పుస్తకాల విలువల గురించి, ఎందుకంటే తర్వాతి లెక్కలో మీకు ఈ అనుమానం తప్పక వస్తుంది. బాష్పీభవన గుప్తోష్ణం ఒక పుస్తకంలో 2256 అని, మరొకదానిలో 2260 అని ఉంటుంది. 2260 వేస్తే మన సమాధానం 1547 అవుతుంది. పాత కేలరీ పద్ధతిలో వేసినా అంతే: మంచుకు 0.5, కరగడానికి 80, నీటికి 1, మరగడానికి 540, ఆవిరికి 0.48 తీసుకుంటే 5000, 40000, 50000, 270000, 4800 కలిపి 369800 కేలరీలు, అంటే సుమారు 1547 కిలోజౌళ్లు. బాయిలర్ విభాగాలలో పాతవాళ్లు ఇప్పటికీ 540 అనే మాట్లాడతారు. మీ ప్రశ్నపత్రంలో ఏ విలువలు ఇచ్చారో అవే వాడండి, కానీ ఒకే లెక్కలో రెండు పద్ధతులు కలపవద్దు. గుప్తోష్ణాన్ని కిలోజౌళ్లలో వేసి, విశిష్టోష్ణాన్ని 2100 అని జౌళ్లలో వేస్తే, మొదటి అడుగే 21000 అయి కూర్చుంటుంది. 1545 దగ్గర ఉండవలసిన మొత్తం ఇరవై వేలు దాటితే, ముందు చూడవలసింది ప్రమాణాలనే.